థర్మల్ నాయిస్‌ను, షాట్ నాయిస్‌ను ఓముల్లోకి మార్చి కలపడం

ప్రశ్న: ఒకే ట్రాన్సిస్టర్‌తో కామన్ ఎమిటర్ దశ కట్టాను. కలెక్టర్ కరెంట్ 1 మిల్లీ ఆంప్, బీటా 200, సోర్స్ రెసిస్టెన్స్ 1 కిలో ఓమ్, కలెక్టర్ రెసిస్టర్ 3.3 కిలో ఓములు, 9 వోల్టుల సప్లై నుంచి బేస్‌కు 1.6 మెగా ఓముల బయాస్ రెసిస్టర్. బేస్ లోపలి రెసిస్టెన్స్ 40 ఓములని తీసుకున్నాను. `re`, `rπ` లకు థర్మల్ నాయిస్, కరెంట్లకు షాట్ నాయిస్ వేసి కలిపితే ఇన్‌పుట్ వద్ద రూట్ హెర్ట్జ్‌కు 10.3 నానోవోల్టులు వస్తోంది. సిమ్యులేటర్ మాత్రం 4.4 అంటోంది. ఎక్కడ తేడా?

జవాబు: సిమ్యులేటర్ చెప్పిందే సరి. `re`, `rπ` అనేవి నిజమైన రెసిస్టర్లు కావు. జంక్షన్ వోల్టేజి కాస్త మారితే కరెంట్ ఎంత మారుతుందో చెప్పే వాలు మాత్రమే. వాటికి థర్మల్ నాయిస్ ఉండదు. ఆ జంక్షన్లలో పుట్టే నాయిస్ అంతా బేస్, కలెక్టర్ కరెంట్ల షాట్ నాయిస్‌లోనే వచ్చేసింది. మీరు `4kTrπ` ను విడిగా వేయడంతో ఒకే నాయిస్ రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. ఇక్కడ `rπ` సుమారు 5.17 కిలో ఓములు, అంటే సోర్స్ రెసిస్టెన్స్‌కు అయిదు రెట్లు; మీ 10.3 లో సింహభాగం అదే.

రెండు రకాల నాయిస్‌లు వేర్వేరు సూత్రాలతో వస్తాయి కాబట్టి వాటిని పోల్చడం కష్టమనిపిస్తుంది. నేను చాలాకాలంగా అన్నింటినీ ఓముల్లోకి మార్చుకునే లెక్క వేస్తున్నాను. ఒక కరెంట్ `I` షాట్ నాయిస్ `2qI`, రెసిస్టర్ `R` నాయిస్ కరెంట్ `4kT/R`. రెండింటినీ సమానం చేస్తే ఇలా వస్తుంది:

```
R = 2kT/(qI)      అంటే  I·R = 2kT/q ≈ 52 mV  (300 K వద్ద)
```

ఏ షాట్ కరెంట్ అయినా, తాను ప్రవహిస్తే 52 మిల్లీవోల్టుల డ్రాప్ ఇచ్చే రెసిస్టర్ ఎంత నాయిస్ చేస్తుందో అంతే చేస్తుంది. ఈ ఒక్క సంఖ్యతో మీ సర్క్యూట్‌లో ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయవచ్చో కాగితం లేకుండానే తెలుస్తుంది. కలెక్టర్ రెసిస్టర్ మీద 3.3 వోల్టులు పడుతున్నాయి. అది 52 మిల్లీవోల్టులకు దాదాపు 64 రెట్లు కాబట్టి దాని థర్మల్ నాయిస్ పవర్ కలెక్టర్ షాట్ నాయిస్‌లో 64వ వంతే. బయాస్ రెసిస్టర్ మీద 8 వోల్టులకు పైగా పడుతున్నాయి, దాని వాటా బేస్ షాట్ నాయిస్‌లో 160వ వంతు. ఆ రెండింటినీ వదిలేసినా జవాబు మారదు. ఒక జాగ్రత్త: కలెక్టర్ రెసిస్టర్‌లోనూ అదే 1 మిల్లీ ఆంప్ పోతోంది కదా అని దానికి మరో `2qI` వేయకూడదు. షాట్ నాయిస్ ఎలక్ట్రాన్లు జంక్షన్ అడ్డుగోడను ఒక్కొక్కటిగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దాటడం వల్ల పుడుతుంది. మామూలు లోహపు రెసిస్టర్‌లో అలాంటి స్వతంత్రత ఉండదు.

ఇక మిగిలినవి మూడు. బేస్ లోపలి రెసిస్టెన్స్ నిజమైన రెసిస్టరే కాబట్టి దాని 40 ఓములు యథాతథంగా వస్తాయి. బేస్ కరెంట్ 5 మైక్రో ఆంపులు, అంటే 52 మిల్లీవోల్టుల నియమం ప్రకారం 10.3 కిలో ఓముల రెసిస్టర్‌తో సమానం. ఆ నాయిస్ కరెంట్ సోర్స్‌తో పాటు బేస్ రెసిస్టెన్స్‌ను కూడా కలుపుకుని 1040 ఓముల గుండా పోతుంది కాబట్టి ఇన్‌పుట్ వద్ద దాని విలువ 1040² ను 10,340 తో భాగిస్తే వచ్చే 105 ఓములు.

కలెక్టర్ షాట్ నాయిస్ దగ్గర కొంచెం ఆగాలి. దాన్ని `gm` తో భాగించి ఇన్‌పుట్‌కు తెస్తే సరిగ్గా `re/2`, అంటే 12.9 ఓములు వస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ `gm` అనేది బేస్ లోపలి బిందువు నుంచి కొలిచిన గెయిన్. మీకు కావలసింది సోర్స్ వోల్టేజి నుంచి మొదలయ్యే గెయిన్. మధ్యలో 1040 ఓములకు, `rπ` కు మధ్య సిగ్నల్ పంచుకోబడుతుంది. అందుకే వోల్టేజిలో 1.2 రెట్లు, పవర్‌లో 1.44 రెట్లు పెరిగి 12.9 కాస్తా 18.6 ఓములు అవుతుంది.

```
సోర్స్             1000
బేస్ రెసిస్టెన్స్      40
బేస్ షాట్            105
కలెక్టర్ షాట్          19
మిగతావి               1
మొత్తం            1165 Ω
√(4kT × 1165) ≈ 4.39 nV/√Hz
```

ఇవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేని మూలాలు కాబట్టి వోల్టులను కాదు, వోల్టుల వర్గాలను కూడాలి. ఓముల్లో కూడడం అంటే ఆ పనే. సోర్స్ సొంత నాయిస్‌తో పోలిస్తే 1.165 రెట్లు, అంటే నాయిస్ ఫిగర్ 0.66 డెసిబెల్స్.

పట్టిక చూస్తే కరెంట్ ఎక్కువైందని వెంటనే కనిపిస్తుంది, ఎందుకంటే బేస్ షాట్ వాటా కలెక్టర్ షాట్‌ను చాలా మించిపోయింది. కరెంట్ తగ్గిస్తే మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. `re = 1040/√β` అయ్యే చోట, అంటే సుమారు 0.35 మిల్లీ ఆంప్ దగ్గర, మొత్తం కనిష్ఠం. బీటా మారదనుకుంటే అక్కడ 1119 ఓములు, 0.49 డెసిబెల్స్ వస్తాయి. నానోవోల్టుల్లో చూస్తే 4.39 నుంచి 4.31 కి దిగింది, అంతే. సోర్సే ఇంత నాయిస్ చేస్తున్నప్పుడు ఆ కొద్దిపాటి లాభం కోసం బ్యాండ్‌విడ్త్‌ను వదులుకోవడం నా దృష్టిలో అనవసరం.

సోర్స్ 50 ఓములైతే కథ పూర్తిగా మారిపోతుంది. అదే 1 మిల్లీ ఆంప్ వద్ద బేస్ షాట్ ఒక ఓమ్ లోపుకు పడిపోతుంది, కలెక్టర్ షాట్ 13 ఓములు, బేస్ రెసిస్టెన్స్ మాత్రం అలాగే 40. మొత్తం 50 మీద 54 అదనం, నాయిస్ ఫిగర్ 3.2 డెసిబెల్స్. కరెంట్ ఎంత పెంచినా ఆ 40 తగ్గదు. బేస్ రెసిస్టెన్స్ తక్కువున్న ట్రాన్సిస్టర్ వాడాలి, లేదా కొన్నింటిని సమాంతరంగా కలపాలి. ఇక్కడే సిమ్యులేటర్ కూడా మోసం చేయగలదు. స్పైస్ మోడల్‌లో `RB` ఇవ్వకపోతే దాని విలువ సున్నా. నేను పనిచేసిన చోట అలాంటి మోడల్‌తో 50 ఓముల సోర్స్‌కు దాదాపు 1 డెసిబెల్ వచ్చింది, బోర్డు మీద 3 డెసిబెల్స్‌కు పైగా కొలిచాము. అదే మోడల్ 1 కిలో ఓమ్ సోర్స్‌కు కొలతతో చక్కగా సరిపోతూ వచ్చింది కనుక లోపం అంతవరకూ బయటపడలేదు. ఫ్లికర్ నాయిస్ కూడా అంతే: `KF` ఇవ్వని మోడల్‌లో అది అసలు ఉండదు, కాబట్టి పై లెక్కను కొన్ని కిలోహెర్ట్జ్ దగ్గర కొలతతో పోల్చండి, 20 హెర్ట్జ్ దగ్గర కాదు.

మీ 40 ఓములు నిజమేనా అన్నది కూడా కొలిచి తేల్చుకోవచ్చు. ఇన్‌పుట్‌ను కెపాసిటర్ ద్వారా గ్రౌండ్‌కు షార్ట్ చేస్తే మిగిలేది బేస్ రెసిస్టెన్స్, `re/2` మాత్రమే. 53 ఓములకు 0.94 నానోవోల్టులు రావాలి. అంతకంటే ఎక్కువైతే కొలిచిన విలువను ముందు ఓముల్లోకి మార్చి, 53 కంటే ఎంత ఎక్కువుందో అంత 40 కి కలపండి. తరువాత 47 కిలో ఓముల రెసిస్టర్‌ను సోర్స్‌గా పెడితే బేస్ షాట్ నాయిస్ ఒక్కటే 60 నానోవోల్టుల వరకు వెళ్లి మిగతా అన్నింటినీ కప్పేస్తుంది, దాన్నుంచి బేస్ కరెంట్ తెలుస్తుంది. ఈ రెండో కొలతలో మాత్రం గెయిన్‌ను అదే 47 కిలో ఓములు పెట్టి ఉంచి మళ్లీ కొలవాలి, ఎందుకంటే `rπ` వల్ల ఆ గెయిన్ షార్ట్ చేసినప్పటి గెయిన్‌లో దాదాపు పదో వంతుకు పడిపోతుంది.