ముప్పై సెకన్ల మురీ మిక్చర్

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

అల్లుడూ, ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్ట్ చదివాను. బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ బండాయన, వంకలు పెట్టే కస్టమరు, ఇద్దరే మనుషులు, ముప్పై సెకన్ల రీల్. ఆలోచన బాగుంది. కాగితాలు మాత్రం నాలుగున్నాయి. మీ అత్తని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాచీ చూసుకుంటూ ఇద్దరం గడగడా చదివేస్తే రెండు నిమిషాలు దాటింది. ఆ రెండు నిమిషాల్లోనూ ఎవరూ పొట్లం చుట్టలేదు, ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. "ఏటిది, నాటకమా?" అంది మీ అత్త.

అందుకే నీ కాగితాలు పక్కన పెట్టి, అందులోంచి ఒక్క ముక్క తీసుకున్నాను. మూడో పేజీ కింద, నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసిన చోట, కస్టమరు ఒక్కొక్కటీ వద్దంటూ పోతాడు చూడు, స్కిట్ అదే. చిల్లర జోకు, స్కానర్ పనిచెయ్యని జోకు, మరదలి ఫోను జోకు, అన్నీ తీసేశాను. ముప్పై సెకన్లలో ఒక్క నవ్వుకే చోటుంటుంది. మిగతావన్నీ దానికి మెట్లు కావాలి, లేదా పోవాలి.

బీట్ షీట్, అంటే ఏ సెకనుకి ఏం జరుగుతుందో రాసుకునే కాగితం, ఎప్పుడూ కింద నుంచి పైకి రాసుకో. ముందు ఆఖరి నవ్వు. మన దాంట్లో ఇదీ: కస్టమరు అన్నీ వద్దన్నాక బండాయన ఉత్త మురీ పొట్లం చేతిలో పెడతాడు. వద్దన్న సరుకంతా పడిన రెండో పొట్లం తీసుకుని తనే తినడం మొదలుపెడతాడు. కస్టమరు గుటక మింగి, "అన్నా, అదెంత?" అంటాడు. అక్కడ కట్.

ఇప్పుడు వెనక్కి నడువు. ఆ మాటకి జనం నవ్వాలంటే వాళ్లు ముందే ఏం చూసి ఉండాలి? రెండో పొట్లాన్ని. వద్దన్న ప్రతి సరుకూ అందులోకి వెళ్లడాన్ని. అది కనబడకపోతే ఆఖరున బండాయన తినేది ఎక్కడిదో తెలీదు, నవ్వు రాదు. నీ స్క్రిప్టులో "బండాయన పక్కన పెట్టాడు" అని రాసి ఊరుకున్నావు. ఎక్కడ పెట్టాడు? ఎవరు చూశారు? స్కిట్ మొత్తానికి మేకు దిగాల్సిన చోటు అదే.

బీట్ అంటే డైలాగు కాదురా. ఇద్దరి మధ్య పరిస్థితి మారిన క్షణం. అలా లెక్కేస్తే మనకి వచ్చినవి ఇవీ:

0–5: కస్టమరు మురీ మిక్చర్ అడుగుతాడు. బండాయన కారం తీస్తాడు. "కారం వద్దన్నా, అల్సరు." చెయ్యి దారి మళ్లి రెండో పొట్లంలోకి.
5–9: "ఉల్లిపాయ వద్దన్నా, మీటింగుంది." మళ్లీ అక్కడికే.
9–14: టమాటా, పల్లీలు, నిమ్మకాయ. మాటల్లేవు, వేలు అడ్డంగా ఊపడమే.
14–16: బండాయన ఆగిపోయి చూస్తాడు.
16–21: ఉత్త మురీ చేతికిస్తాడు. "ముప్పై." "మరి మిక్చరేదీ?"
21–26: "ఇది నాది." నోట్లో పోసుకుంటాడు.
26–29: "అన్నా, అదెంత?"

చూశావా, మొదటి "వద్దు"కి ఐదు సెకన్లు, రెండోదానికి నాలుగు, తరవాతి మూడింటికీ కలిపి ఐదు. కారణం మొదటి రెండింటికే చెప్పించాను. ఆ రెండింటితో జనానికి వరస అర్థమైపోతుంది, మూడోదానికి కూడా కారణం చెప్పావంటే వాళ్లు నీకంటే ముందే ఉంటారు. వేగం పెంచుకుంటూ పోయి, 14 దగ్గర ఒక్కసారి నిశ్శబ్దం. ఆ రెండు సెకన్లూ ఎడిటింగ్‌లో నీకు బరువనిపిస్తాయి, కోసేద్దామని చెయ్యి దురద పెడుతుంది. కొయ్యకు. గట్టున ఆగిన తరవాతే కదా దూకుడు తెలిసేది.

ఇంకోటి, బండాయనకి మొత్తం మీద మూడే మాటలిచ్చాను. ఒకడు వాగుతుంటే ఒకడు ఊరుకోవాలి. ఇద్దరూ చమత్కారంగా మాట్లాడితే ఇద్దరూ నువ్వే అయిపోతావు. కస్టమరు మొదట అడిగేదాంతో కలిపి మొత్తం మాటలు పదిహేను అటూ ఇటూ ఉన్నాయి, అంతే చాలు. నా లెక్కలో ఈ నిడివికి నలభై మాటలు దాటితే నటులకి ఊపిరాడదు. షీటు రాశాక మాటలు మనసులో అనుకుంటూ పొట్లం చుట్టి, వేలు ఊపి, గుటక మింగి వాచీతో కొలువు. పాతిక సెకన్లకి రావాలి. బండి దగ్గర అదే ముప్పై అవుతుంది, ఎప్పుడూ అంతే.

ఇక షాట్ లిస్ట్. ఒక్కో బీటు ఎదురుగా ఒక ప్రశ్న రాసుకో: ఈ బీటు అర్థం కావడానికి ఏ బొమ్మ లేకపోతే కుదరదు? ఆ బొమ్మే షాట్. అందంగా ఉంటుందని రాసుకున్న షాట్లు నీకూ రెండు మూడుంటాయి, కైలాసగిరి నుంచి బీచ్ చూపించడం లాంటివి. ముప్పై సెకన్లలో దానికి మూడు పోతే నిశ్శబ్దం పోయినట్టే.

మనకి కెమెరా పెట్టే చోట్లు ఐదు. ఇద్దరూ బండీ కనబడే టూ షాట్. బండాయన భుజం మీదుగా కస్టమరు, దీన్నే సజెషన్ అంటారు. బండాయన క్లోజ్. చేతులూ రెండు పొట్లాలూ పైనుంచి ఇన్సర్ట్, అంటే వాటినే దగ్గరగా చూపే షాట్. కస్టమరు అరచేతిలో తెల్లటి ఉత్త మురీ ఇన్సర్ట్. ఈ ఐదింటి నుంచే ఎడిటింగ్‌లో పది పన్నెండు కట్లు వస్తాయి.

నిలువు ఫ్రేమని మర్చిపోకు. ఇద్దర్ని పక్కపక్కన నిలబెడితే మధ్యలో బండి పట్టదు, ఇద్దరి భుజాలూ తెగుతాయి. బండాయన ముందు, కస్టమరు బండికి అవతల ఒక అడుగు వెనక, ఏటవాలుగా పెట్టు. మొహాలు ఒకదాని కింద ఒకటి పడతాయి, నిలువు ఫ్రేము అందుకు బాగుంటుంది. రెండో పొట్లం మరీ కిందికి, మరీ కుడివైపుకి పోనివ్వకు. అక్కడ యాప్ వాడి రాతలూ బొత్తాలూ కూర్చుంటాయి, మన మేకు వాటి కింద దాక్కుంటుంది.

లుక్ సంగతి. బండాయన కుడివైపు చూస్తే కస్టమరు ఎడమవైపు చూడాలి, మొదటి నుంచి చివరిదాకా. ఒకరి కాళ్ల దగ్గర్నుంచి ఇంకొకరి కాళ్లదాకా నేల మీద సుద్దతో గీత గీసుకో, కెమెరా దానికి ఒక్క పక్కనే ఉండాలి. దాటిందా, కట్ చేశాక ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ సముద్రంతో మాట్లాడుతున్నట్టుంటారు.

కాగితంలో షాట్ నంబరు పక్కన "పొట్లం స్థితి" అని ఒక గడి పెట్టు. అందరూ వదిలేసే గడి ఇదే. నాలుగో ఇన్సర్ట్ నాటికి రెండో పొట్లంలో ఏమేం ఉన్నాయి? కారం, ఉల్లిపాయ, టమాటా. పల్లీలు అప్పటికి ఉండకూడదు. ఉదాహరణకి నేనైతే ఇలా రాస్తాను: "షాట్ 6, పై నుంచి ఇన్సర్ట్, బండాయన కుడి చెయ్యి, పల్లీలు రెండో పొట్లంలోకి, అప్పటికే మూడు సరుకులు, 1.5 సెకన్లు." చదివినవాడు నన్ను అడక్కుండా తీసేయగలగాలి.

ఈ ఇన్సర్ట్ గురించి ఇంత గొడవ ఎందుకంటే నాకు తగిలింది. లోకల్ కేబుల్‌కి చిన్న హాస్య ముక్కలు తీసే రోజుల్లో, తాళంచెవి జేబులో వేసుకునే షాట్ ఒకటి లిస్టులో రాయలేదు. టూ షాట్‌లో కనబడుతుందిలే అనుకున్నాను. ఎడిటింగ్ బల్ల దగ్గర చూస్తే చెయ్యి నడుం వెనక ఉంది. నటుడు అప్పటికే ఊరెళ్లిపోయాడు. నా చేత్తోనే తీసి అతికించాను. అతని చేతికి గడియారం ఉంది, నా చేతికి లేదు. జోకుకి నవ్వనివాళ్లు కూడా దానికి నవ్వారు.

తీసే వరస కథ వరస కాదు. ముందు టూ షాట్‌లో మొత్తం స్కిట్ రెండు టేకులు, ఇది మాస్టర్. ఏదైనా షాట్ చెడితే ఇదే ఆదుకుంటుంది, నటులకి వేగం కూడా ఇందులోనే కుదురుతుంది. తరవాత కస్టమరు వైపువన్నీ ఒకేసారి, ఆఖరి "అదెంత?" సహా. ఆ మాట మూడు రకాలుగా అనిపించు: ఆశగా, సిగ్గుగా, దొంగచూపుతో. ఏది పనికొస్తుందో ఎడిటింగ్‌లోనే తెలుస్తుంది. తరవాత బండాయన. ఇన్సర్ట్‌లు చివర.

వెలుతురు ఉదయానిది వాడు. మన బీచ్‌లో పొద్దున సూర్యుడు సముద్రం మీద ఉంటాడు కాబట్టి, సముద్రాన్ని వెనక పెట్టుకుంటే మొహాలు నల్లబడతాయి. ఫోను కెమెరా మొహాన్ని వెలిగిద్దామని ఆకాశాన్ని సున్నం కొట్టేస్తుంది. బండిని తీరం వెంబడి తిప్పి పెట్టు, ఎండ పక్కనుంచి పడుతుంది, వెనకాల రోడ్డూ సముద్రమూ చెరిసగం వస్తాయి. సాయంత్రం ఎండ ఊరి వైపు నుంచి మొహం మీద పడుతుంది, సముద్రం వెనక బాగుంటుంది, నిజమే. కానీ గాలీ, జనమూ. మైకుకి బొచ్చు తొడుగు వేసినా ఆ గాలి ఊరుకోదు. ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిలోగా సర్దేయ్. ఆ టైముకి మిక్చర్ బళ్లు ఉండవు, కాబట్టి ముందురోజు రాత్రే ఒకాయనతో మాట్లాడి, ఆయన పూటకి ఎంత అడిగితే అంతిచ్చి బండి తెచ్చుకో.

అలల మోత ఒక్కో షాట్‌లో ఒక్కోలా వస్తుంది. కట్ పడ్డ ప్రతిచోటా సముద్రం గెంతినట్టు వినబడుతుంది. అందరూ ఊరుకున్నాక ఒక నిమిషం ఉత్త అలల శబ్దం రికార్డు చేసుకుని, స్కిట్ మొత్తం కింద పరిచేయ్. 14 దగ్గర నిశ్శబ్దంలో వినబడాల్సింది కూడా అదే.

మురీ రెండు పెద్ద కవర్లు తీసుకో, మూతి గట్టిగా కట్టు. సముద్రపు గాలికి బేగా మెత్తబడిపోద్ది, నిమ్మకాయ పిండితే ఇంకా బేగా. బండాయన తినే షాట్‌కి టేకు టేకుకీ కొత్తది కలపాలి. అంత కలిపినా కరకర శబ్దం అక్కడ రాదు. అది ఇంట్లో ఫ్యాన్ ఆపి, మైకు నోటికి జానెడు దూరంలో పెట్టి విడిగా తీసుకో. మీ అత్త ఇప్పటికే రెండు పొట్లాలు నమిలి రిహార్సల్ చేసింది. ఉల్లిపాయ ఉండాల్సిందేనంట.

నీ మావయ్య