ప్రవాసి సందేహాలు: పని పడిపోయిన సేల్స్‌మన్‌కి ఎనిమిది వారాల కాగితం

ప్రశ్న: అన్నగారూ, తుని నుంచి గుణుపురం వచ్చి ఎనిమిది నెలలయింది. మా మావయ్య సబ్బులు, బిస్కెట్ల ఏజెన్సీ నేను చూసుకుంటున్నాను. ఇక్కడివాడే ఒక సేల్స్‌మన్ ఏడాదిగా ఉన్నాడు. మూడు నెలలుగా అతని లైనులో అమ్మకం పడిపోయింది. చెబితే తలూపుతాడు, మర్నాడు మళ్లీ అంతే. తీసేద్దామంటే కంపెనీ సూపర్‌వైజరు ముందు ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ రాసివ్వమంటున్నాడు. అందులో ఏం రాయాలి?

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నకి నేను రూపాయల్లో ఫీజు కట్టాను. అందుకని ముందు నా సంగతి చెబుతాను, ఓపిగ్గా విను.

నేను పాలకొండ నుంచి 2001లో రాయగడ వచ్చాను. ఈ ప్రాంతం 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలోదే కదా, బజారులో ఎటు తిరిగినా తెలుగు వినిపించేది. దాంతో తెలుగుతో పని గడిచిపోతుందనుకున్నాను. టౌనులో గడిచింది. మునిగుడ, బిస్సంకటక్ వైపు లైనులో గడవలేదు. ఆ లైనుకి ఒక ఒడియా కుర్రాడిని పెట్టుకున్నాను. మొదటి ఏడాది బాగానే చేశాడు. 2003లో నెలకి 2 లక్షల 40 వేలు వచ్చే లైను 1 లక్షా 70 వేలకి దిగింది. నెల రోజులు ఫోనులో అరిచాను. తర్వాత కంపెనీ నుంచి వచ్చిన ఒక ఉత్తరం చూసి, అలాంటిదే ఇంగ్లీషులో కొట్టించాను. పని తృప్తిగా లేదు, ముప్పై రోజుల్లో అమ్మకం రెండున్నర లక్షలకి రావాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు. అంతే ఉంది అందులో. అతను చదువుకున్నది ఒడియాలో. కాగితంలో అతనికి అర్థమైంది ఆ అంకె ఒక్కటే. మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

ఆ నెల రెండున్నర లక్షలు వచ్చింది. నేను సంతోషపడి అయిదు వందలు బోనస్ కూడా ఇచ్చాను. మరుసటి నెల సరుకు వెనక్కి రావడం మొదలైంది. నెలాఖరు నాలుగు రోజుల్లో, అడగని కొట్లకి కూడా 'అమ్ముడుపోయాకే డబ్బులివ్వండి' అని పెట్టెలు దింపేశాడు. సగం బిల్లుల మీద కొట్టువాళ్ల సంతకాలు లేవు. రెండో నెల పదో తారీఖు నుంచి కుర్రాడు రావడం మానేశాడు. లైనులో 1 లక్షా 12 వేల బాకీ నిలిచిపోయింది. బ్యాంకు ఓడీ మీద వడ్డీ రోజూ నడుస్తూనే ఉంది. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కంపెనీకి డ్రాఫ్టు పంపాను. ఆ బాకీ వసూలు చేయడానికి పద్నాలుగు నెలలు తిరిగాను. 38 వేలు ఇప్పటికీ రాలేదు.

ఆ తిరుగుడులోనే అసలు కారణం తెలిసింది. బుధవారం చటికొణ సంత. నియమగిరి కొండల మీంచి డొంగరియా జనం దిగివస్తారు. బిస్సంకటక్ చుట్టుపక్కల చిన్న కొట్లవాళ్లు చాలామంది ఆ రోజు కొట్టు మూసి సంతకి పోతారు. ఆ లైను మొదట సోమవారం ఉండేది. వ్యాను కుదరడం లేదని నేనే బుధవారానికి మార్చాను. అమ్మకం పడింది ఆ మార్పు తర్వాతే. కుర్రాడు ఒకసారి ఒడియా, తెలుగు కలిపి ఏదో చెప్పబోయాడు. సాకులు చెప్పకు అన్నాను. తలూపడం అప్పటి నుంచే మొదలైంది. నీ దగ్గరివాడు కూడా తలూపుతున్నాడని రాశావు. అందుకే నీకు ఇంత వివరంగా చెబుతున్నాను.

కాబట్టి కాగితం రాసేముందు రెండు రోజులు అతనితో బండి మీద లైనుకి వెళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు కౌంటర్ దగ్గర కూర్చుని కంప్యూటర్ రిపోర్టు చూసి తేల్చేస్తారు. రిపోర్టులో అమ్మకం తగ్గిందని ఉంటుంది, ఎందుకు తగ్గిందో ఉండదు. ఎన్ని కొట్లు ఎక్కాడు, ఎన్నింటిలో బిల్లు అయింది, కానిచోట ఎందుకు కాలేదు, ఇవి నీ చేత్తో రాసుకో. మూసి ఉన్న కొట్లు ఎక్కువుంటే తప్పు లైను రోజుది. అడిగిన సరుకు మన గోదాంలో లేకపోతే తప్పు నీది. కొట్టు తెరిచి ఉండి, సరుకు ఉండి, అతను గుమ్మం దగ్గరే 'ఏమైనా కావాలా' అని అడిగి వచ్చేస్తుంటే అది అతని పని లోపం. ప్లాన్‌లోకి రావలసింది ఈ మూడోది మాత్రమే. మొదటి రెండూ నువ్వు సరిచేసి, సరిచేశానని అదే కాగితంలో రాయాలి.

తర్వాత 2009లో ఇంకో మనిషితో ఇదే పరిస్థితి వచ్చింది. అప్పుడు నేను చేసిన పద్ధతి చెబుతాను. కాగితం ఒక్క పేజీ, ఒడియాలో. మా అకౌంటెంటు రాశాడు, నేను దగ్గర కూర్చుని చెప్పాను. పేజీ పైభాగంలో నేను కళ్లారా చూసిన సంగతులు మాత్రమే. రోజుకి లైనులో 40 కొట్లు, గత ఆరు వారాల్లో సగటున 24 ఎక్కాడు, బిల్లులు 11. నలభై అయిదు రోజులు దాటిన బాకీ 46 వేలు. బద్ధకం, నిర్లక్ష్యం లాంటి మాటలు రాయలేదు. అవి రాస్తే మనిషి ఆ మాట మీద పోట్లాడతాడు, అంకె పక్కకి పోతుంది.

దాని కింద అతని మాట, అతను చెప్పినట్టే. చెయిను తెగి బండి వారంలో రెండు రోజులు షెడ్డులో ఉంటోందని, పాత బాకీ అడిగితే కొట్టువాళ్లు కొత్త ఆర్డరు ఇవ్వడం లేదని చెప్పాడు. దాని కింద నేను ఇచ్చేది. బండి రిపేరుకి డబ్బు, బాకీ ముదిరిన పది కొట్లకి మొదటిసారి నేను వెంట వెళ్లడం. ఆ తర్వాత చెక్‌పాయింట్లు, అంటే ఏ తారీఖుకి ఎంత రావాలో.

చెక్‌పాయింట్లలోనే అందరూ పొరపాటు పడతారు. అమ్మకం అంకె మొదట కదలదు. కొట్లు ఎక్కడం పెరిగితే రెండు మూడు వారాలకి బిల్లులు పెరుగుతాయి, నమ్మకం కుదిరాక బాకీ కదులుతుంది. అందుకని రెండో వారం చివర ఒకటే అడిగాను, రోజుకి 34 కొట్లు. నాలుగో వారానికి బిల్లులు 14. ఆరో వారానికి పాత బాకీ 46 నుంచి 30 వేలకి. ఎనిమిదో వారానికి బిల్లులు 18. ఆ 18 నా కోరిక కాదు, అదే లైనులో అతనే అంతకుముందు ఏడాది చేసిన సగటు. టౌను లైనువాడు 24 చేస్తున్నాడని ఇతనికి 24 పెడితే, నా 2003 మళ్లీ వచ్చేది. నెలలు కూడా చూసుకోవాలి. దసరా ముందు ఎవరు తిరిగినా అమ్మకం పెరుగుతుంది, దాన్ని మార్పు అనుకోకూడదు. జడివానల్లో ఘాటు రోడ్డు తెగితే ఆ రోజులు లెక్కలోంచి తీసేయాలి.

ప్రతి అంకెకి పక్కన ఇంకో అంకె కాపలా పెట్టాను. బిల్లుల పక్కన రిటర్నులు, కొత్త బాకీ. బిల్లులు నెలాఖరు మూడు రోజుల్లోనే గుట్టగా పడ్డాయా, ఒకే కొట్టుకి వారంలో మూడు చిన్న బిల్లులు ఉన్నాయా, బిల్లు మీద కొట్టు సంతకం లేకుండా ఉందా చూడు. ఇవి కనిపిస్తే అమ్మకం పెరగలేదు, నీ డబ్బు గోదాం నుంచి వాళ్ల అరల మీదకి మారింది.

చెక్‌పాయింటు రోజు ఇరవై నిమిషాలు తలుపేసుకుని కూర్చోవాలి. వ్యాను వచ్చింది, పెళ్లికి వెళ్లాలి అని నువ్వు ఒక్కసారి వాయిదా వేస్తే అతను కాగితాన్ని మరిచిపోతాడు, తప్పు పట్టడానికి నీకు హక్కుండదు. ఆ రోజే రెండు వరుసలు రాసి ఇద్దరూ సంతకం చేయాలి, ఒక కాపీ అతనికి.

మా మనిషి రెండో వారం 35 కొట్లు చేశాడు. నాలుగో వారం బిల్లులు 12 దగ్గరే ఆగాడు. నాకు కోపం వచ్చింది, కానీ మళ్లీ ఒక రోజు వెంట వెళ్లాను. కొట్లోకి వెళ్తున్నాడు గానీ అర చూడకుండా జేబులో లిస్టు చదువుతున్నాడు. ముందు అరలో ఏం అయిపోయిందో చూసి, అదే అడగమని చూపించాను. ఆ చెక్‌పాయింటుని రెండు వారాలు జరిపి, జరిపానని రాశాను. ఒక్కసారే జరుపుతాను, రెండోసారి ఉండదని కూడా రాశాను. చివరికి 17 వచ్చింది, బాకీ 28 వేలకి దిగింది. 18 కాదు కదా అని మా అకౌంటెంటు అన్నాడు. నేను ఉంచుకున్నాను. రిటర్నులు పెరగలేదు, అంకె వారంవారం ఎక్కింది, నాకు అది చాలు. ఈ రోజు అతను నా గుణుపురం లైను చూస్తున్నాడు, నీ కొట్టు ముందు నుంచే వెళ్తుంటాడు.

మెరుగుపడకపోతే ఏమవుతుందో కూడా మొదటి రోజు కాగితంలోనే ఉండాలి. తీసేయడమా, గోదాం పనికి మార్చడమా, ఏదైతే అది. నోటీసు గడువు, ఇవ్వాల్సిన లెక్కల సంగతి మీ అకౌంటెంటుని గానీ లేబర్ ఆఫీసులో గానీ అడుగు, అవి తెలిసే విషయాలే. బాకీ రాలేదని అతని జీతంలో ఇష్టం వచ్చినట్టు కోయకు, చట్టం ఒప్పుకోదు.

ఖర్చు ఎక్కువని భయపడుతున్నావేమో. జీతం 15 వేలు, పెట్రోలు 3 వేలు అనుకుంటే రెండు నెలలకి 36 వేలు. కొత్తవాడిని పెట్టినా ఆ లైను కొట్లు పరిచయం కావడానికి మూడు నెలలు పడుతుంది, ఆ మూడు నెలలూ అతనికీ జీతమే. పైగా పాత బాకీలు ఎవరి దగ్గర ఎంతో తెలిసినవాడు వెళ్లిపోయి ఉంటాడు.

అందుకే చివరగా డబ్బు మాట. కాగితం అతని చేతిలో పెట్టే ముందే, ఆ రెండు రోజుల తిరుగుడులో ప్రతి కొట్టులోనూ ఇవాల్టి దాకా బాకీ ఇంత అని పుస్తకంలో రాసి కొట్టువాడి చేత సంతకం, తారీఖు వేయించు. అడగడానికి మొహమాటపడకు, మావయ్య లెక్క అడిగారని చెప్పు. అన్ని కొట్లకీ కుదరకపోతే అయిదు వేలు దాటిన వాటికైనా చెయ్యి. ఆ పుస్తకం ఇంట్లో బీరువాలో పెట్టు, షాపులో వద్దు.