చాయ్ పెట్టుకుంటూ హిందీ మాట్లాడుకో

బిడ్డా,

మిర్యాలగూడ నుంచి మీ పెద్దమ్మ ఆశీస్సులు. భోపాల్‌లో అందరి మాటలూ అర్థమవుతున్నాయి కానీ నోరు తెరిస్తే హిందీ రావట్లేదని ఫోన్‌లో అన్నావు. మీ పెదనాన్న ఉద్యోగానికి మేం అక్కడికి పోయిన కొత్తలో నేనూ అట్లనే ఇబ్బంది పడ్డాను. నాకు నోరు తిరిగింది వంటింట్లోనే.

పొద్దున చాయ్ పెట్టేటప్పుడు చేసే పనిని హిందీలో పైకి చెప్పు. మనసులో అనుకుంటే సగం వాక్యం మింగేస్తాం, మింగినట్టు మనకే తెలియదు. అందుకే గొంతు బయటికి రావాలి. మొదలుపెట్టే ముందు "అబ్ మై చాయ్ బనాఊఁగీ" అను. పోస్తూ "మై దూధ్ డాల్ రహీ హూఁ" అను. గ్లాసు చేతికి వచ్చాక చేసిందంతా మళ్లీ చెప్పు: "మైనే దూధ్ డాలా, చీనీ డాలీ, చాయ్ బనాయీ."

మనం తడబడేది ఈ చివరి దాంట్లోనే. "పాలు పోశాను, చక్కెర వేశాను" అంటే తెలుగులో క్రియ 'నేను' వెంట పోతుంది. ఇట్లాంటి వాక్యంలో హిందీ క్రియ మాత్రం వస్తువు వెంట పోతుంది. దూధ్ పుంలింగం కాబట్టి ఆడపిల్లవైనా 'డాలా' అనాలి. చీనీ స్త్రీలింగం, అందుకే 'డాలీ'. పైగా మన నల్లగొండలో చిన్నప్పటి నుంచి విన్న దక్కనీలో 'మైనే'లోని ఆ 'నే' వాడరు. అందుకే "మై దూధ్ డాలీ" అని అలవాటుగా వచ్చేస్తుంది. నాకు అది వదలడానికి చాలా నెలలు పట్టింది.

మధ్యలో మాట దొరకకపోతే ఆగి ఫోన్‌లో వెతకకు. వడగట్టేదాన్ని ఏమంటారో తెలియక నేను "జిస్‌సే చాయ్ ఛాన్‌తే హైఁ" అని చుట్టు తిప్పి చెప్పేదాన్ని. అట్ల చెప్పడం వస్తే అంగట్లో మాట తట్టకపోయినా ఆగిపోవు. చాయ్ తాగాక ఆ ఒక్క మాట తెలుసుకో. 'ఛన్నీ' అంటారు. మర్నాడు వాడు.

ఒకటి జాగ్రత్త. ఒంటరిగా మాట్లాడితే తప్పు దిద్దేవాళ్లుండరు, ఆ తప్పే గట్టిపడుతుంది. వారానికోసారి రెండు నిమిషాలు రికార్డు చేసి, ఆఫీసులో దగ్గరి అమ్మాయికి వినిపించు. అన్నీ అడగకు, 'డాలా', 'డాలీ' సరిగ్గా పడ్డాయో లేదో అడుగు చాలు.

పెదాలు కదులుతూ మనసు ఎటో పోతుంటే ఆ వాక్యాలు బట్టీ అయిపోయాయన్నట్టు. అప్పుడు చాయ్ వదిలి బట్టలు ఆరేయడానికి మారు. పాలు పొంగిన రోజు మాత్రం వదలకు, అనుకోకుండా జరిగినదాన్ని అప్పటికప్పుడు చెప్పడమే నీకు కావలసింది: "అరే, దూధ్ ఉఫన్ గయా!"

ఎదుటివాళ్ల ప్రశ్నకు వెంటనే జవాబివ్వడం మాత్రం దీనితో రాదు, దానికి మనిషి కావాలి. ఆదివారం ఫోన్ చేసి ఆ రోజు ఏం వండావో హిందీలో చెప్పు. నేను మధ్యమధ్యలో అడుగుతుంటాను.

మీ పెద్దమ్మ