బిడ్డర్ కాన్ఫరెన్స్ ముందా, టెండర్ డాక్యుమెంట్లు ముందా?

"సర్, ఐటీ కంపెనీలో పని చేస్తూ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ పరీక్ష పీఎంపీకి ప్రిపేర్ అవుతున్నాను. ప్రొక్యూర్‌మెంట్ దశలను వరసలో పెట్టమంటే ప్రతి మాక్ టెస్టులోనూ తప్పు పోతోంది. బిడ్డర్ కాన్ఫరెన్స్ ముందా, డాక్యుమెంట్లు ముందా? సెలక్షన్ క్రైటీరియా ప్లానింగ్‌లోకి వస్తుందా, వెండర్‌ను ఎంచుకునే దశలోకి వస్తుందా? పరీక్ష దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది."

డాక్యుమెంట్లే ముందు. అవి వెండర్ల చేతికి అందాక, వాళ్లు ప్రొపోజల్ వేయకముందు, మధ్యలో ఉండే గడువులో బిడ్డర్ కాన్ఫరెన్స్ జరుగుతుంది. మన ప్రభుత్వ టెండర్లలో ప్రీబిడ్ మీటింగ్ అనేది ఇదే. చదవడానికి కాగితమే లేనప్పుడు వెండర్లు వచ్చి ఏం అడుగుతారు? ప్రొపోజల్స్ వేసేశాక సందేహం తీరితే ఏం లాభం? ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటే దాని చోటు మీకే తెలిసిపోతుంది.

సెలక్షన్ క్రైటీరియా విషయంలో చాలామంది తడబడతారు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పద్ధతులు చెప్పే పీఎంబీఓకే గైడ్‌లో 2017లో వచ్చిన ఆరో ఎడిషన్ ప్రకారం దాన్ని తయారు చేసేది ప్లానింగ్‌లో, వాడేది వెండర్‌ను ఎంచుకునే దశ అయిన కండక్ట్ ప్రొక్యూర్‌మెంట్స్‌లో. పేరులో సెలక్షన్ అని ఉంది కదా అని చివరికి నెట్టేయకండి. ఎందుకు ముందే ఉండాలో ఒక లెక్క చేసి చూద్దాం.

ఒక ఆసుపత్రి రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ కొంటోంది అనుకోండి. ఏం కావాలో స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్‌లో రాశారు. ఖర్చు ఎంత అవ్వొచ్చో సొంతంగా అంచనా వేసుకున్నారు. టెక్నికల్‌కు 70 శాతం, ధరకు 30 శాతం వెయిటేజీ అని నిర్ణయించి, ఆ మాట వెండర్ల నుంచి ప్రొపోజల్స్ కోరే డాక్యుమెంట్ అయిన ఆర్‌ఎఫ్‌పీలోనే రాశారు. ప్రకటన ఇచ్చి, అర్హత ఉన్న వెండర్లను గుర్తించి, వాళ్లకు ఆర్‌ఎఫ్‌పీ పంపారు. బిడ్డర్ కాన్ఫరెన్స్ పెట్టారు. పాత రికార్డులను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని ఎవరిదని ఒక వెండర్ అందులో అడిగాడు. ఆర్‌ఎఫ్‌పీలో ఆ సంగతి లేదు. ఆ పని వెండర్‌దేనని ఆసుపత్రి జవాబిచ్చింది. ఆ జవాబును రాతపూర్వకంగా అందరికీ పంపి, ఆర్‌ఎఫ్‌పీకి సవరణగా జతచేసింది. మన ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టళ్లలో కారిజెండం పేరుతో కనిపించేది ఇలాంటి సవరణే.

గడువులోగా రెండు ప్రొపోజల్స్ వచ్చాయి. మొదటి వెండర్‌కు టెక్నికల్‌లో 80 మార్కులు, ధర 50 లక్షలు. రెండో వెండర్‌కు 70 మార్కులు, ధర 40 లక్షలు. తక్కువ ధరకు 100 మార్కులిచ్చి మిగతావాళ్లకు ఆ నిష్పత్తిలో ఇస్తే, ధర విషయంలో మొదటి వెండర్‌కు 80, రెండో వెండర్‌కు 100 వస్తాయి. 70:30 లెక్కన మొదటి వెండర్‌కు 56, 24 కలిపి 80. రెండో వెండర్‌కు 49, 30 కలిపి 79. మొదటి వెండర్ గెలిచాడు.

ఇప్పుడు వెయిటేజీని 60:40 చేయండి. మొదటి వెండర్‌కు మళ్లీ 80 వస్తే, రెండో వెండర్ 82తో ముందుకొస్తాడు. ప్రొపోజల్స్ ఒక్క అక్షరం మారలేదు, విజేత మారిపోయాడు. కవర్లు తెరిచాక వెయిటేజీ నిర్ణయించే వీలుంటే కావాల్సినవాళ్లను గెలిపించడం ఎంత తేలికో చూశారుగా. క్రైటీరియాను ముందే నిర్ణయించి డాక్యుమెంట్లలో అందరికీ చెప్పేది ఇందుకే.

లెక్క తేలాక గెలిచిన వెండర్‌తో బేరసారాలు, ఆపైన ఒప్పందం మీద సంతకం. నెగోషియేషన్‌ను బిడ్డర్ కాన్ఫరెన్స్‌తో కలిపేసి చాలామంది మార్కులు పోగొట్టుకుంటున్నారు. కాన్ఫరెన్స్‌లో వెండర్లందరూ ఉంటారు, అక్కడ ధర మాట ఎత్తరు. నెగోషియేషన్ ఎంపికైన వెండర్‌తో విడిగా జరుగుతుంది.

ఇదే విషయాన్ని సన్నివేశం రూపంలోనూ అడుగుతారు. ఆర్‌ఎఫ్‌పీ వెళ్లింది, కాన్ఫరెన్స్ కూడా అయిపోయింది. మీతో ఇదివరకు పని చేసిన వెండర్ ఫోన్ చేసి చిన్న సందేహం అడిగాడు. ప్రాజెక్ట్ మేనేజర్‌గా ఏం చేస్తారు? ఫోన్‌లోనే చెప్పేయడం అనే ఆప్షన్ చూడ్డానికి సహజంగా ఉంటుంది, కానీ తప్పు. ఆ సమాచారం ఒక్కరికే అందుతుంది కాబట్టి మిగతావాళ్లకు అన్యాయం. అసలు జవాబే ఇవ్వకుండా తప్పించుకోవడమూ సరికాదు. ప్రశ్నను రాతపూర్వకంగా తీసుకుని, జవాబును వెండర్లందరికీ ఒకేసారి పంపే ఆప్షన్ పెట్టండి.

మాక్ టెస్టు చేసేటప్పుడు ఆప్షన్లకంటే ముందు, వెండర్ల ప్రొపోజల్స్ వచ్చేశాయా లేదా అని ప్రశ్నలో వెతకండి. వచ్చేశాయని ఉంటే బిడ్డర్ కాన్ఫరెన్స్ ఉన్న ఆప్షన్‌ను వెంటనే కొట్టేయొచ్చు. టెక్నికల్, ధర లెక్కలు, నెగోషియేషన్, సంతకం మాత్రమే మిగిలి ఉంటాయి. ఇంకా రాలేదు, ఆర్‌ఎఫ్‌పీ మాత్రం వెళ్లింది అని ఉంటే తర్వాతి అడుగు ఎక్కువసార్లు ఆ కాన్ఫరెన్సే అవుతుంది.