డబ్బు పోయింది, రసీదు రాలేదు

"పరీక్ష ఫీజు యూపీఐలో కట్టాను. ఖాతాలో డబ్బు పోయింది, రసీదు రాలేదు. కట్టినట్టు ఎలా నిరూపించాలి?"

స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు కనిపిస్తుంది. అసలు ఆధారం అదే. ఆ నంబరున్న బ్యాంకు స్టేట్‌మెంటును, దరఖాస్తు నంబరును కలిపి హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ చేయండి.

అయితే ఖాతాలో డబ్బు తగ్గినంత మాత్రాన ఫీజు అందినట్టు కాదు. సైటులో చెల్లింపు స్థితి చూస్తూ ఉండండి. మా చెల్లెలికి సోమవారం పోయిన 400 రూపాయలు గురువారం వెనక్కి వచ్చాయి. గడువేమో బుధవారం! సైటులో 'విఫలం' అని చూసి మంగళవారమే మళ్లీ కట్టింది కాబట్టి దరఖాస్తు నిలిచింది.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, ఇలా సంస్థకు కట్టినా అందని యూపీఐ సొమ్ము లావాదేవీ తర్వాత 5 రోజుల్లోగా తిరిగి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి.