కంపెనీని కొన్నారు సరే, పేరు మీదయిందా?

ప్రశ్న: మాది నీటి పంపులు తయారుచేసే కంపెనీ. ఈమధ్యే వాటర్ ఫిల్టర్లు చేసే ఒక చిన్న కంపెనీ షేర్లన్నీ కొన్నాం. దాని బ్రాండ్ పేరు, పెట్టినాయన ఇంటిపేరే. మా మార్కెటింగ్ వాళ్లు ఆ పేరు తీసేసి ఫిల్టర్ల మీద కూడా మా పేరే వేద్దామంటున్నారు. మా అన్నయ్య పాత పేరు ఉంచి, కింద చిన్న అక్షరాల్లో మా పేరు వేస్తే రెండు విధాలా మంచిదంటారు. ఆడిటర్ గారు అసలు ఏదీ ముట్టుకోవద్దంటున్నారు. ఇది వ్యాపార నిర్ణయమే అనుకోండి, అయినా చట్టపరంగా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా అండీ?

సమాధానం: ఉందండీ. పెట్టె మీద ఏ పేరు ఎక్కడ వేయాలో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో ఆ ఇంటిపేరుకు సంబంధించిన పేజీ ప్రింట్ తీయించి, యజమాని అన్నచోట ఎవరి పేరుందో చూడండి. కంపెనీ పేరుంటే ఫరవాలేదు. ఆ పెద్దాయన పేరుంటే మాత్రం, మీరు షేర్లన్నీ కొన్నా బ్రాండ్ మీ చేతికి రాలేదన్నమాట. షేర్లు కొంటే కంపెనీ ఆస్తులు వస్తాయి గానీ, కంపెనీ పెట్టిన మనిషి సొంత ఆస్తులు రావు కదా.

నా దగ్గరికి వచ్చిన ఒక క్లయింటుకు ఇదే జరిగింది. ఒప్పందం చాలా పకడ్బందీగా రాసుకున్నారు, మెషీన్ల లిస్టులో స్క్రూడ్రైవర్లు కూడా ఉన్నాయి. పేరు మాత్రం, కంపెనీ పెట్టకముందు ఆయన ఒక్కడే వ్యాపారం చేసుకునే రోజుల్లో, ఆయన సొంత పేరు మీద రిజిస్టరై ఉంది. తర్వాత కంపెనీ ఏళ్ల తరబడి దాన్ని వాడుకుంది, ఒక్క కాగితం లేకుండా. డబ్బు మొత్తం చేతులు మారాక బదలాయింపు పత్రం మీద సంతకం పెట్టమంటే, ఆయన ఇంకో రేటు చెప్పారు.

మరీ చిన్న కంపెనీల్లోనే ఇలా జరుగుతుందనుకోకండి. 1998లో వికర్స్ సంస్థ తన రోల్స్‌రాయిస్ కార్ల వ్యాపారాన్ని అమ్మితే ఫోక్స్‌వ్యాగన్ 43 కోట్ల పౌండ్లు పెట్టి కొన్నది. ఫ్యాక్టరీ వచ్చింది, బెంట్లీ పేరు వచ్చింది, బానెట్ మీద నిలబడే ఆ బొమ్మ హక్కు కూడా వచ్చింది. రోల్స్‌రాయిస్ అన్న పేరు మాత్రం విమాన ఇంజిన్లు చేసే మరో కంపెనీది. వాళ్లు దాన్ని బీఎండబ్ల్యూకి 4 కోట్ల పౌండ్లకు ఇచ్చారు. చివరికి ఒప్పందం కుదిరి, 2003 నుంచి ఆ పేరుతో కార్లు చేసే హక్కు బీఎండబ్ల్యూకే దక్కింది. కాబట్టి మీ ఒప్పందంలో పేరు గురించి స్పష్టంగా లేకపోతే, గుడ్‌విల్‌తో సహా ట్రేడ్‌మార్క్‌ను బదలాయిస్తున్నట్టు విడిగా పత్రం రాయించుకుని, రిజిస్టర్‌లో కూడా నమోదు చేయించండి. ఎన్ని దేశాల్లో రిజిస్ట్రేషన్ ఉంటే అన్ని చోట్లా చేయించాలి.

ఇక మార్కెటింగ్ వాళ్ల మాట, అంటే అన్నిటి మీదా మీ పేరే వేసే హౌస్ బ్రాండ్ పద్ధతి. మీ పేరు పంపులకు రిజిస్టరై ఉంటుంది. ట్రేడ్‌మార్కుల అంతర్జాతీయ వర్గీకరణలో పంపులు 7వ తరగతి, నీళ్లు వడకట్టే పరికరాలు 11వ తరగతి. 7లో ఉన్న హక్కు దానంతటదే 11కి పాకదు. 11లో మీ పేరుకు దగ్గరగా వినిపించే పేరు ఇంకెవరికైనా ఉంటే, ఫిల్టర్ల మీద మీ పేరు వేసిన మరుక్షణం మీరే ఉల్లంఘించినవారవుతారు. కొత్త పెట్టెలు ముద్రణకు వెళ్లకముందే 11లో వెతికించండి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టండి.

ఇందులో రెండో చిక్కు ఎవరికీ తొందరగా తట్టదు. వాడకుండా వదిలేసిన ట్రేడ్‌మార్క్ కొన్నాళ్లకు చచ్చిపోతుంది. యూరప్‌లో వరసగా 5 ఏళ్లు వాడకపోతే ఎవరైనా రద్దు చేయమని అడగొచ్చు. అమెరికాలో 3 ఏళ్లు వాడకపోతే వదిలేశారనే అనుకుంటారు, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. భారత చట్టంలో లెక్క 5 ఏళ్ల 3 నెలలు. అంటే మీరు ఇవాళ డబ్బు పెట్టి కొన్న పేరును, రేపు మీ పోటీదారు ఉచితంగా తీసుకుని అదే ఫిల్టర్ల మీద వేసుకునే వీలుంటుంది. అమెరికాలో మేసీస్ వాళ్లు తాము కొన్న పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ల పేర్లన్నీ తీసేసి అంతటా తమ పేరే పెట్టుకున్నారు. తర్వాత ఇంకో కంపెనీ ఆ పాత పేర్లను ఏరుకోబోతే, 2011లో కోర్టుకెక్కాల్సి వచ్చింది.

కోర్టుకు చూపించడానికని ఏడాదికి నాలుగు పెట్టెలు అమ్మితే వాడినట్టు కాదు. అయితే మీ వ్యాపారంలో ఒక వెసులుబాటుంది. 2003లో యూరోపియన్ కోర్టు మినీమ్యాక్స్ అనే మంటలార్పే పరికరాల కేసులో ఒక సంగతి తేల్చింది. కొత్త సరుకు అమ్మడం మానేసినా, పాతవాటికి విడిభాగాలు అమ్ముతూ, సర్వీసింగ్ చేస్తూ ఆ పేరును నిజంగా వాడుతుంటే అది కూడా వాడకమే కావచ్చని చెప్పింది. ఫిల్టర్ ఒకసారి కొన్నవాళ్లు కార్ట్రిడ్జ్ మారుస్తూనే ఉంటారు కదా. ఫిల్టర్ల మీద పేరు మార్చినా, పాత మోడళ్ల కార్ట్రిడ్జ్‌లను పాత పేరుతోనే అమ్మండి. వాటి బిల్లులు, పెట్టెల ఫోటోలు తారీఖులతో సహా ఒక ఫైల్లో దాచండి. మీరున్నచోట కోర్టు ఏమంటుందో చూసుకోవాలనుకోండి, కానీ ఆ ఫైలు ఎక్కడైనా పనికొస్తుంది.

ఇప్పుడు మీ అన్నయ్యగారి సలహాకు వద్దాం. పాత పేరు పెద్దగా, కింద చిన్నగా మీ పేరు. దీన్నే ఎండార్స్‌డ్ బ్రాండ్ అంటారు. చూడ్డానికి మధ్యేమార్గంలా ఉంటుంది, అందుకే మీటింగుల్లో అందరూ దీనికే తలూపుతారు. చట్టం దృష్టితో చూస్తే మాత్రం మూడింటిలో ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే.

ఫిన్లాండ్‌లో ఒక కాఫీ మెషీన్ వల్ల ఇంట్లో మంటలు లేచాయి. నష్టపరిహారం కట్టిన బీమా కంపెనీ ఫెన్నియా, ఫిలిప్స్ మీద కేసు వేసింది. మెషీన్ మీద ఫిలిప్స్, సాయెకో అని రెండు పేర్లున్నాయి. సాయెకోను ఫిలిప్స్ 2009లో కొన్నది. మెషీన్ చేసింది మేం కాదు, మా అనుబంధ సంస్థ రొమేనియాలో చేసింది అని ఫిలిప్స్ వాదన. 2022 జూలైలో యూరోపియన్ కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. వస్తువు మీద తన పేరు వేసినా, వేయనిచ్చినా తయారీదారు లెక్కలోకే వస్తారు, ‘చేసింది నేనే’ అని ఇంకెక్కడా చెప్పుకోనక్కర్లేదు అన్నది. భారత వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో కూడా ఇతరులు చేసిన వస్తువు మీద తన మార్కు వేసేవారిని తయారీదారు నిర్వచనంలో చేర్చారు.

మీ విషయానికి దీన్ని అన్వయించి చూడండి. ఫిల్టర్ల కంపెనీని మీలో కలిపేసుకోకుండా షేర్లు మాత్రమే కొని వేరుగా ఉంచడానికి ఒక కారణం, దాని బాధ్యతలు దాని దగ్గరే ఉండాలని. ఫిల్టర్ లీకై ఎవరింట్లోనో నేల పాడైతే దావా ఆ చిన్న కంపెనీ మీద పడుతుంది, మీ పంపుల ఫ్యాక్టరీ మీదికి రాదు. అదే ఫిల్టర్ పెట్టె మీద మీ పేరు ఒక్క లైన్ ఉంటే, మధ్యలో కట్టిన గోడకు మీరే గుమ్మం పెట్టినట్టు. అక్షరాలు చిన్నవైనంత మాత్రాన బాధ్యత చిన్నదవదు. మరీ ముఖ్యంగా, గోదాములో ఉన్న పాత స్టాకు మీద స్టిక్కర్లు వేయించకండి. వాటిని మీ ఇంజనీరు పరీక్షించలేదు, మీ పేరు వేస్తే మాత్రం అవి మీవే.

అలాగని ఈ పద్ధతి వద్దని కాదు. మీ పర్యవేక్షణలో డిజైనైన కొత్త మోడళ్ల మీద వేయండి. అంతకంటే ముందు మీ ప్రొడక్ట్ లయబిలిటీ బీమాలో ఫిల్టర్లు కూడా చేర్చారో లేదో రాతపూర్వకంగా అడగండి, పంపులకు తీసుకున్న పాలసీలో సాధారణంగా పంపులే ఉంటాయి. మీ పేరు వాడుకోవడానికి ఆ కంపెనీకి మీరు రాతపూర్వక లైసెన్స్ ఇవ్వాలి. అందులో నాణ్యత ప్రమాణాలు, తనిఖీ హక్కు ఉండాలి. సొంత కంపెనీయే కదా, లైసెన్సెందుకు అని అందరూ అడుగుతారు. రేపు ఆ కంపెనీని అమ్మాల్సి వస్తే, మీ పేరు కూడా దాంతో వెళ్లిపోకుండా ఆపేది ఆ కాగితమే. పెట్టె మీద రెండు పేర్లనూ అతికించి ఒకే మాటలా రాయించకండి. అలా చేస్తే పాత పేరును విడిగా వాడామని రుజువు చేయడం కష్టమవుతుంది. రెండు వరసల్లో, వేరే వేరే అక్షరాల్లో వేయండి.

ఆడిటర్ గారు చెప్పినట్టు పాత పేరును విడిగానే వదిలేస్తే ఈ తలనొప్పులు చాలావరకు ఉండవు. మీకున్న ప్రత్యేకమైన ప్రమాదమల్లా అది ఇంటిపేరు కావడం. పెద్దాయనో, వాళ్లబ్బాయో మళ్లీ ఫిల్టర్ల వ్యాపారం మొదలుపెట్టి ‘మా ఇంటిపేరు మేం పెట్టుకున్నాం’ అంటే, చాలా దేశాల చట్టాలు నిజాయితీగా సొంత పేరు వాడుకునేవారికి కొంత రక్షణ ఇస్తాయి. పోటీ వ్యాపారం చేయకూడదన్న షరతు మీ ఒప్పందంలో ఉండే ఉంటుంది, కానీ అది కొన్నేళ్లకే తీరిపోతుంది. దానికి వేరుగా, నీటిశుద్ధి వస్తువుల మీద ఈ ఇంటిపేరును వ్యాపార నామంగా వాడబోమని ఒక క్లాజు ఉండాలి, దానికి గడువు పెట్టకూడదు. ఆయనకు మీరింకా ఆఖరి వాయిదా బాకీ ఉంటే, అది కట్టకముందే రాయించుకోండి.

నన్నడిగితే ప్రస్తుతానికి ఆడిటర్ గారి మాటే వినమంటాను. ఆయన జాగ్రత్త పడుతున్నారని కాదు, విడిపేరు నుంచి ఎండార్స్‌డ్‌కు, అక్కణ్నుంచి హౌస్ బ్రాండ్‌కు ఎప్పుడైనా వెళ్లొచ్చు గానీ, వెనక్కి రావడం కష్టం. 2000లో జర్మనీలో మానెస్‌మాన్‌ను కొన్న వోడాఫోన్ కూడా దాని డీ2 మొబైల్ పేరును ఒక్కసారే తీసేయలేదు. మొదట డీ2 వోడాఫోన్ అని, తర్వాత వోడాఫోన్ డీ2 అని తిప్పి రాసి, చివర్లో డీ2ని వదిలేసింది. మీరు కూడా 11వ తరగతిలో మీ పేరుకు రిజిస్ట్రేషన్ వచ్చేదాకా పెట్టె ముట్టుకోకుండా ఉండండి. అది వచ్చాక కొత్త మోడల్‌తో మీ అన్నయ్యగారి పద్ధతి మొదలుపెట్టండి. మార్కెటింగ్ వాళ్ల కోరిక సంగతి, కార్ట్రిడ్జ్‌లు ఏ పేరు చెప్పి అడుగుతున్నారో డీలర్ల దగ్గర ఒక ఏడాది రాయించి, అప్పుడు చూద్దురుగాని.

రిజిస్టర్ ప్రింటులో ఆయన పేరే కనిపిస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి, షేర్ల ఒప్పందంలో ‘మేధో సంపత్తి’ అన్న షెడ్యూలు తీసుకుని మీ లాయర్ దగ్గరికి వెళ్లండి. ఆ పేరు తన సొంతమని కాక కంపెనీ ఆస్తి అని అమ్మినాయన అందులో హామీ ఇచ్చి ఉంటే, అదనంగా పైసా ఇవ్వకుండా సంతకం పెట్టమని అడిగే హక్కు మీకుంటుంది.