4 లక్షల బోనస్ వెనక్కి కట్టడానికి 4 లక్షలు చాలవు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, ఏడాదికి 26 లక్షల ప్యాకేజీ. పోయిన ఫిబ్రవరిలో కంపెనీ 4 లక్షలు రిటెన్షన్ బోనస్ ఇచ్చి, 18 నెలలు ఉండాలని లెటర్ మీద సంతకం పెట్టించుకుంది. ఇప్పుడు నవంబర్‌లో 32 లక్షలకు వేరే ఆఫర్ వచ్చింది. పాత బోనస్ కట్టేయాల్సి వస్తుందని చెబితే, కొత్తవాళ్లు సరిగ్గా 4 లక్షలు జాయినింగ్ బోనస్ ఇస్తామన్నారు. ఏడాదిలోపు మానేస్తే అది కూడా వెనక్కి ఇవ్వాలట. లెక్క సరిపోయినట్టేనా? ఇవన్నీ కోర్టులో నిలవవు, కట్టక్కర్లేదని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ పాత లెటర్ ఒకసారి బయటికి తీయండి. అందులో 18 నెలలు నిండకపోతే మొత్తం కట్టాలని ఉందా, మిగిలిన నెలల మేరకు కడితే చాలని ఉందా? జవాబంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది.

ముందు మొత్తం కట్టాలనే ఉందనుకుందాం. ఎక్కువ లెటర్లలో అలాగే ఉంటుంది. ఫిబ్రవరిలో మీ ఖాతాలో పడింది 4 లక్షలు కాదు కదా. మీరు 30 శాతం శ్లాబులో ఉన్నారు, సెస్ కలిపితే 31.2 శాతం. 1,24,800 రూపాయలు టీడీఎస్‌గా పోయి, చేతికి 2,75,200 వచ్చి ఉంటుంది. కంపెనీ వెనక్కి అడిగేది మాత్రం లెటర్‌లో రాసిన అంకె, అంటే 4 లక్షలూ. ప్రభుత్వానికి వెళ్లిన పన్నును కూడా మీరే కంపెనీకి కట్టాలన్నమాట.

కొత్త కంపెనీ ఇచ్చే 4 లక్షలదీ అదే కథ. జాయినింగ్ బోనస్ కూడా జీతమే, చేతికి వచ్చేది మళ్లీ 2,75,200. దాంతో 4 లక్షలు కట్టాలంటే 1,24,800 మీ జేబులోంచి వేయాలి. పాత బోనస్‌లో మీకు మిగలాల్సిన 2,75,200 కాస్తా 1,50,400కి దిగుతుంది. పన్ను పోయాక సరిగ్గా 4 లక్షలు చేతిలో పడాలంటే కొత్తవాళ్లు ఇవ్వాల్సింది సుమారు 5,81,400. అడగాల్సిన అంకె ఇదీ. "పాత కంపెనీకి మేమే నేరుగా కట్టేస్తాం, మీకు పన్ను ఉండదు" అని ఎవరైనా హెచ్‌ఆర్ అంటే నమ్మకండి. మీరు కట్టాల్సిన బాకీని యజమాని తీరిస్తే అదీ మీ జీతంలో భాగంగానే పన్ను లెక్కలోకి వస్తుంది.

నెలల మేరకు అని ఉంటే కథ మారిపోతుంది. మీది 90 రోజుల నోటీసు అనుకుంటే, ఇప్పుడు రాజీనామా పెడితే అది పూర్తయ్యేసరికి ఫిబ్రవరి వస్తుంది. 18 నెలల్లో 12 గడిచిపోతాయి, మిగిలేవి 6. కట్టాల్సింది 1,33,333 మాత్రమే. అప్పుడు కొత్తవాళ్లు ఇస్తానన్న 4 లక్షలు చాలడమే కాదు, మిగులుతాయి కూడా. అందుకే లెటర్ చదవకుండా కొత్త హెచ్‌ఆర్‌తో బేరానికి కూర్చోవద్దు.

పోయిన పన్ను తిరిగి రాదా అని మీరు అడుగుతారు. ఇక్కడ మార్చి 31 అడ్డం వస్తుంది. బోనస్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరంలోనే వెనక్కి కడితే పని తేలిక. కంపెనీ పేరోల్‌లో ఆ ఏడాది జీతం తగ్గించి చూపిస్తుంది, టీడీఎస్ సర్దుకుంటుంది. మీది పోయిన ఫిబ్రవరి బోనస్, కట్టేది రాబోయే ఫిబ్రవరిలో. మధ్యలో ఆర్థిక సంవత్సరం మారిపోయింది. పాత ఫారం 16లో 4 లక్షలూ జీతంగానే ఉన్నాయి, రిటర్ను కూడా అలాగే వేసి ఉంటారు. తిరిగి కట్టిన బోనస్‌ను జీతంలోంచి తీసేసుకోవచ్చని చట్టంలో సూటిగా ఒక మినహాయింపు లేదు. నోటీసు పే రికవరీ విషయంలో ఉద్యోగులకు అనుకూలంగా ట్రిబ్యునల్ తీర్పు ఉంది, ఆ వాదనను ఆసరాగా తీసుకోవచ్చు. కానీ ఫారం 16లో లేని తగ్గింపును మీరే రిటర్నులో చూపిస్తే ఆదాయపన్ను శాఖ నుంచి నోటీసు వస్తుందనుకునే సిద్ధపడాలి.

అందుకని పాత కంపెనీని ముందే ఒక మాట అడగండి: ఈ రికవరీని నా ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో, ఈ ఏడాది జీతంలోంచి తగ్గించి టీడీఎస్ లెక్క వేస్తారా? కొన్ని కంపెనీల పేరోల్ వాళ్లు అలా చేస్తారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఫారం 16లోనే తగ్గి వస్తుంది, మీ నష్టం చాలావరకు పూడుతుంది. అదే మీరు విడిగా బ్యాంకు నుంచి 4 లక్షలు పంపితే పేరోల్‌కు ఆ సంగతే తెలియదు, ఫారం 16 పాత అంకెతోనే వస్తుంది. చాలామంది తొందరపడి పంపించేసి, జూలైలో రిటర్ను వేసేటప్పుడు చూసుకుని నాలిక కరుచుకుంటారు.

ఇక మీ ఫ్రెండ్స్ మాట. ఎవరు చెప్పినా ఇది నమ్మి రాజీనామా పెట్టొద్దు. నష్టపరిహారంగా రాసుకున్న సొమ్ము మితిమీరి ఉంటే కోర్టు తగ్గించగలదు, అంతవరకు నిజమే. ఖర్చు చేయని ట్రైనింగ్‌కు లక్షల బాండ్ రాయించుకున్న కంపెనీకి అక్కడ ఇబ్బందే. కానీ బోనస్ అలాంటిది కాదు. డబ్బు మీ ఖాతాలో పడింది, షరతు మీకు తెలుసు, సంతకం మీదే. పైగా 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. అది ప్రభుత్వ బ్యాంకు, నియామకాల ఖర్చు గురించిన కేసు, నిజమే. అయినా ఇలాంటి షరతు వృత్తి స్వేచ్ఛకు అడ్డు అన్న వాదనకు ఆ తీర్పు తర్వాత బలం తగ్గింది.

అసలు చాలా కంపెనీలకు కోర్టు దాకా వెళ్లే పనే ఉండదు. ఆఖరి నెల జీతం ఆపుతారు, సెలవుల డబ్బు సర్దుకుంటారు, ఇంకా బాకీ ఉంటే రిలీవింగ్ లెటర్ ఆపుతారు. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ లెటరే అడుగుతుంది. మీ పీఎఫ్ డబ్బును మాత్రం ఈ బాకీకి కోసుకునే వీల్లేదు, ఆ బెదిరింపుకు లొంగకండి. కానీ ఆఖరి జీతం ఆగితే ఆ నెల ఇంటి ఈఎమ్ఐ ఎలా కడతారన్నది మీ వైపు ప్రశ్న. కొత్త బోనస్ మొదటి జీతంతోనో రెండో జీతంతోనో వస్తుంది, పాత బాకీ అంతకు ముందే తీర్చాలి. ఈ రెండు నెలల సందు దాటడానికి కట్టాల్సిన మొత్తంతో పాటు ఒక నెల ఖర్చు విడిగా ఉంచుకున్నాకే రాజీనామా పెట్టండి. పర్సనల్ లోన్ తీసి ఈ సందు పూడ్చొద్దు.

ఇప్పుడు కొత్త లెటర్. ఇక్కడ నేను మూడు మాటల దగ్గర పట్టుబడతాను.

మొదటిది, ఏ కారణంతో ఉద్యోగం పోతే కట్టాలి అన్నది. నా దగ్గరికి వచ్చే ఒకాయన్ని చేరిన ఎనిమిదో నెలలో ప్రాజెక్టు లేదని పంపించేశారు. నెల తిరక్కుండా బోనస్ కట్టమని మెయిల్ వచ్చింది. లెటర్‌లో "ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే" అని ఉంది, ఆయన అప్పుడు చూసుకోలేదు. గట్టిగా మాట్లాడితే చివరికి వదిలేశారు గానీ, రెండు నెలలు నిద్ర లేదు. కట్టాల్సిన అవసరం మీ అంతట మీరు మానేసినా, తప్పుడు ప్రవర్తన మీద తీసేసినా మాత్రమే ఉండేలా రాయించండి. ఎక్కువ కంపెనీలు ఇది అడిగితే మారుస్తాయి, అడిగేవాళ్లే తక్కువ.

రెండోది, ఏడాదిని ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కిస్తారన్నది. చేరిన రోజు నుంచా, బోనస్ ఇచ్చిన రోజు నుంచా? రాజీనామా మెయిల్ పెట్టిన తేదీ చూస్తారా, ఆఖరి పని రోజు చూస్తారా? బోనస్ ఇచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి, రాజీనామా తేదీని చూస్తే, మీరు 12 నెలలనుకున్నది నోటీసుతో కలిపి దాదాపు 17 నెలలు అవుతుంది. చేరిన రోజు నుంచి ఆఖరి పని రోజు వరకు అని స్పష్టంగా రాయించుకోండి.

మూడోది, కట్టాల్సి వస్తే పన్ను పోగా చేతికి వచ్చిన మొత్తమే, అదీ మిగిలిన నెలల మేరకే కట్టాలని అడగండి. పన్ను సంగతి ఒప్పుకోవడం అరుదు, నెలల మేరకు అన్నది మాత్రం సాధారణంగా ఒప్పుకుంటారు. పన్ను సంగతి కాదంటే ఒక చిన్న ఉపాయం ఉంది. మీరు ఫిబ్రవరి మధ్యలో చేరితే, బోనస్‌ను మార్చిలో కాకుండా ఏప్రిల్ జీతంతో ఇమ్మనండి. చేరిన రోజు నుంచి లెక్కేస్తే ఏడాది గడువు వచ్చే ఫిబ్రవరికి ముగుస్తుంది. అంటే మధ్యలో మానేసి కట్టాల్సి వచ్చినా, తీసుకున్నదీ కట్టిందీ ఒకే ఆర్థిక సంవత్సరంలో ఉంటాయి, టీడీఎస్ అక్కడికక్కడే సర్దుకుంటుంది. ఇందుకు మీరు ఇచ్చుకునేది, ఇందాక చెప్పిన సందు ఇంకో నెల పెరగడం. మీ చేతిలో పొదుపు ఉంటే నేనైతే దీనికే మొగ్గుతాను.

మొత్తం మీద వెళ్లాలా వద్దా అంటే, వెళ్లండనే అంటాను. జీతం 6 లక్షలు పెరుగుతోంది, పన్ను పోగా నెలకు సుమారు 34 వేలు. వాళ్లు 4 లక్షలకు పైసా పెంచకపోయినా, మీ జేబులోంచి పోయే 1,24,800 నాలుగు నెలల్లోపు పూడుతుంది. బోనస్ చేతికొచ్చాక గడువు దాటేదాకా దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడేయండి, కారు డౌన్‌పేమెంట్‌కు వాడొద్దు. దానికో 1,25,000 కలిపితే 4 లక్షలు అవుతాయి, ఎప్పుడు అడిగినా కట్టేయొచ్చు.

ఈ మార్పులన్నీ హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో అడగండి. "ఫోన్‌లో మాట్లాడుకుందాం" అంటే మాట్లాడండి, కానీ ఫోన్ పెట్టేశాక అనుకున్నదంతా మీరే మెయిల్ రాసి పంపండి. మార్చిన ఆఫర్ లెటర్ చేతికి వచ్చాకే ఇక్కడ రాజీనామా పెట్టండి.